4732 = 2 × 2 × 7 × 169 అని రాస్తే తప్పెందుకు?

తుంగభద్ర
మా అబ్బాయి 8వ తరగతి. లెక్క ఇది: 4732ను ఏ కనిష్ఠ సంఖ్యతో గుణిస్తే పరిపూర్ణ వర్గం అవుతుంది? వాడు చేసింది ఉన్నదున్నట్టు ఇస్తున్నాను.

```
2 | 4732
2 | 2366
7 | 1183
  |  169
```

2కు జత ఉంది, 7కు లేదు, 169కు లేదు. కాబట్టి 7 × 169 = 1183తో గుణించాలి అన్నాడు. పుస్తకం వెనక జవాబు 7 అని ఉంది. విచిత్రం ఏంటంటే 4732 × 1183 = 5597956, దాని వర్గమూలం సరిగ్గా 2366. అంటే పరిపూర్ణ వర్గమే వచ్చింది కదా! మరి తప్పు ఎక్కడ?

మిర్చియార్డు
4732 కారణాంకాలు మొత్తం 18 అండీ. 1, 2, 4, 7, 13, 14, 26, 28, 52, 91, 169, 182, 338, 364, 676, 1183, 2366, 4732. లెక్క పెట్టుకోండి, ఒక్కటి కూడా తగ్గదు.

తుంగభద్ర
కారణాంకాల జాబితా కాదండీ నేను అడిగింది. ప్రధాన కారణాంకాలుగా విడగొట్టడంలో వాడు ఎక్కడ జారాడో చెప్పండి.

చాక్‌పీసు
మిర్చియార్డు గారు వేరే ప్రశ్నకు జవాబు ఇచ్చినా ఆ జాబితా ఇక్కడ పనికొస్తుంది. అందులో 13 ఉంది చూడండి. మీ వాడి విభజనలో 13 కనపడనే లేదు. 169 ప్రధాన సంఖ్య కాదు, 13 × 13. అందుకని 4732 = 2 × 2 × 7 × 13 × 13. జత లేనిది 7 ఒక్కటే, జవాబు 7. సరిచూస్తే 4732 × 7 = 33124, అది 182 వర్గం.

1183తో గుణించినా వర్గం ఎందుకు వచ్చిందంటే, 4732 అంటే 4 × 1183. దాన్ని మళ్లీ 1183తో గుణిస్తే 4 × 1183 × 1183. ఇది ఎప్పుడైనా వర్గమే. కానీ ప్రశ్నలో "కనిష్ఠ" అన్న మాట ఉంది. 169లో దాగిన జత కనపడకపోవడంతో అవసరం లేని 169 కూడా గుణకంలోకి వచ్చేసింది.

ఇంకో సంగతి. లబ్ధం సరిచూసుకుంటే ఈ తప్పు దొరకదు. 2 × 2 × 7 × 169 గుణిస్తే 4732 చక్కగా వస్తుంది. పిల్లలు అక్కడ టిక్కు పెట్టేసుకుని ముందుకెళ్తారు. లబ్ధం కలవడం ఒక పరీక్ష, మిగిలిన ప్రతి సంఖ్యా ప్రధానమేనా అన్నది ఇంకో పరీక్ష. రెండూ చేయాలి.

సైకిల్‌చైను
ఇంత కష్టం ఎందుకండీ. 1001 = 7 × 11 × 13 గుర్తుంటే చాలు. 4732లోంచి 4004 తీసేస్తే 728. అది 7 × 104, 104లో 13 ఎనిమిది సార్లు. కాబట్టి 7, 13 రెండూ పోతాయి. చివర 32 ఉంది కాబట్టి 4 కూడా పోతుంది. అంటే 4732 = 2 × 2 × 7 × 13. అర నిమిషం లెక్క.

చాక్‌పీసు
2 × 2 × 7 × 13 = 364 అండీ. 4732కు ఇంకా 13 రెట్ల దూరంలో ఉన్నారు. ఇక్కడ మాత్రం లబ్ధం గుణించి చూసుకుంటే వెంటనే దొరికేది.

1001 చిట్కా మంచిదే, నేనూ వాడతాను. ఒక్క తీసివేతతో 7, 11, 13 మూడింటి సంగతీ తేలుతుంది. 728లో 11 పోదు, శేషం 2, కాబట్టి 4732లోనూ పోదు. కానీ అది "పోతుందా లేదా" అన్నంత వరకే చెబుతుంది. ఎన్నిసార్లు పోతుందో చెప్పదు. 728 = 8 × 7 × 13, అందులో 13 ఒక్కసారే ఉంది. 4732లో రెండుసార్లు ఉంది. తీసివేశాక వచ్చిన సంఖ్యను విడగొట్టి అదే అసలు సంఖ్య విభజన అనుకోకూడదు. 7 పోతుందని తెలిసిందా, అసలు సంఖ్యను 7తో భాగించండి. వచ్చిన భాగఫలాన్ని మళ్లీ 7తో ప్రయత్నించండి. పోకపోతేనే తర్వాతి ప్రధాన సంఖ్యకు వెళ్లండి.

సైకిల్‌చైను
సరే, రెండోసారి 13 పట్టుకోవాలి. కానీ పద్ధతి మాత్రం నాదే వేగం.

తుంగభద్ర
వేగం సంగతి తర్వాత. 169 చూడగానే 13 × 13 అని తెలియని పిల్లవాడు ఏం చేయాలి? ఎక్కడి దాకా భాగించి చూడాలి? సగం దాకా అని ఎవరో చెప్పారట వాడికి. 169కి సగం అంటే 84 దాకానా?

చాక్‌పీసు
సగం దాకా వెళ్తే తప్పు రాదు కానీ అనవసర శ్రమ. వర్గమూలం దాకా చాలు. ఒక సంఖ్య రెండు ముక్కలుగా విడిపోతే, రెండు ముక్కలూ వర్గమూలం కంటే పెద్దవి కాలేవు. రెండూ పెద్దవైతే లబ్ధం సంఖ్యను దాటిపోతుంది. అందుకని చిన్న ముక్క ఎక్కడ ఉన్నా వర్గమూలం లోపలే ఉంటుంది.

పిల్లవాడికి వర్గమూలం కట్టడం రానక్కర్లేదు. ప్రతి ప్రధాన సంఖ్య దగ్గర దాని వర్గం చూసుకోమనండి. 11 × 11 = 121, ఇది 169 కంటే తక్కువ, కాబట్టి 11తో ప్రయత్నించాలి. 13 × 13 = 169, సమానం, కాబట్టి 13తోనూ ప్రయత్నించాలి. వర్గం సంఖ్యను దాటితేనే ఆగాలి. "సమానం" అన్న చోటే చాలామంది ఆగిపోతారు. 169, 289, 361 లాంటివి ప్రధాన సంఖ్యల ముసుగులో తప్పించుకునేది అక్కడే.

ఇంకోటి, ఈ హద్దు పని జరిగేకొద్దీ తగ్గుతుంది. 4732 దగ్గర హద్దు 68. రెండు 2లు తీసేశాక 1183 దగ్గర 34. 7 తీసేశాక 169 దగ్గర 13. మొదట వేసుకున్న 68నే పట్టుకుని చివరిదాకా వెళ్లక్కర్లేదు. వెనక్కీ వెళ్లక్కర్లేదు. 1183లో 3, 5 పోలేదంటే 169లోనూ పోవు, ఎందుకంటే 169 దాని ముక్కే. 169ని 7తో మరోసారి చూసి (శేషం 1), 11తో చూసి (శేషం 4), 13 దగ్గరికి వస్తే అయిపోయింది.

గ్రూప్స్‌బ్యాచ్
ఇదే సంఖ్యతో మా స్టడీ సర్కిల్‌లో నిన్న గంట గొడవ అయింది, అందుకే ఆగాను ఇక్కడ. ఒకరు 4732ని 4372 అని దించుకున్నారు. రెండు 2లు తీశాక 1093 మిగిలింది. 7తో శేషం 1, 13తో శేషం 1, 17తో 5... ఎక్కడా పోవడం లేదు. చివరికి 2 × 2 × 1093 అని రాసి, తొమ్మిదులతో సరిచూసి "కరెక్టే" అన్నారు. కీతో కలవలేదు. తొమ్మిదుల పరీక్ష ఎందుకు పట్టుకోలేదు?

చాక్‌పీసు
అంకెలు స్థానాలు మార్చుకున్నా మొత్తం మారదు కదా. 4 + 7 + 3 + 2 = 16, 1 + 6 = 7. 4372కూ అంతే. అంకెల మొత్తం మీద నిలబడిన పరీక్ష అంకెలు అటూ ఇటూ అయితే పట్టుకోలేదు. పైగా మీ వాళ్లు చేసిన విభజన 4372కు నిజంగానే సరైనది. 1093 ప్రధాన సంఖ్యే. 33 × 33 = 1089, 34 × 34 = 1156, కాబట్టి 31 దాకా చూస్తే చాలు. 31తో 1085, శేషం 8. తప్పు విభజనలో లేదు, దించుకోవడంలో ఉంది.

దానికి పదకొండుల పరీక్ష కావాలి. కుడి నుంచి ఒక అంకె కూడి, ఒక అంకె తీసేస్తూ పోవాలి. 4732కు 2 − 3 + 7 − 4 = 2. 4372కు 2 − 7 + 3 − 4 = −6, అంటే 11 కలిపితే 5. రెండూ వేరు. పక్కపక్క అంకెలు తారుమారైతే ఇది పట్టేస్తుంది.

సరైన విభజన మీద రెండు పరీక్షలూ ఇలా. ముందు తొమ్మిదులు: 2 × 2 × 7 = 28, అంకెల మొత్తం 10, అంటే 1. 169కి 16, అంటే 7. 1 × 7 = 7. ప్రశ్నలోని 4732కూ 7. ఇక పదకొండులు: 28కి 8 − 2 = 6. 169కి 9 − 6 + 1 = 4. 6 × 4 = 24, దానికి 4 − 2 = 2. ప్రశ్నకూ 2. కలిసింది. సంఖ్యను నోటుబుక్కులోంచి కాకుండా ప్రశ్నపత్రంలోంచి మళ్లీ చూసి పరీక్షించాలి. లేకపోతే తప్పుగా దించుకున్నదాన్ని తప్పుగా దించుకున్నదానితోనే పోల్చినట్టు.

అంకెలగారడీ
1093 పేరు వినగానే రాయకుండా ఉండలేకపోతున్నా. అది మామూలు ప్రధాన సంఖ్య కాదు. 2ను 1092 సార్లు గుణించి 1 తీసేస్తే, వచ్చేది 1093 వర్గంతో నిశ్శేషంగా పోతుంది. ఇలాంటి ప్రధాన సంఖ్యలు ఇప్పటిదాకా తెలిసినవి రెండే, 1093, 3511. మొదటిది 1913లో, రెండోది 1922లో దొరికాయి. పొరపాటున దించుకున్నా మంచి సంఖ్య మీదే పడ్డారు మీ వాళ్లు.

సరే, అసలు విషయం. చిన్న ప్రధాన సంఖ్యలతో భాగించుకుంటూ పోవడం ఒక్కటే దారి కాదు. 4187 తీసుకోండి. 2, 3, 5 పోవు. చాక్‌పీసు గారి దారిలో వెళ్తే 3, 7, 11 నుంచి మొదలుపెట్టి 53 దాకా, 5ను వదిలేసినా పద్నాలుగు భాగహారాలు. మధ్యలో 23 × 182 = 4186 అని వచ్చి ఒక్కటి తేడాతో ఊరిస్తుంది కూడా.

ఫెర్మా దారి చూడండి. 4187 కంటే పెద్దదైన మొదటి వర్గం 65 × 65 = 4225. తేడా 38. 8తో ముగిసే వర్గం ఉండదు, వదిలేయండి. తర్వాత 66 × 66 = 4356. తేడా 169. అదే 13 వర్గం! అంటే 66 − 13 = 53, 66 + 13 = 79. 53 × 79 = 4187. రెండే అడుగులు.

సైకిల్‌చైను
అబ్బ! ఇది బాగుంది. అయితే భాగహారాలన్నీ మానేసి ఇదే నేర్పొచ్చు కదా?

చాక్‌పీసు
4097తో చేయండి ఫెర్మా దారిలో. 65 దగ్గర మొదలవుతుంది. ఎప్పుడు ఆగుతారో చెప్పండి.

సైకిల్‌చైను
65తో తేడా 128. 66తో 259. 67తో 392. 68తో 527. 69తో 664. 70తో 803. ఇంకా ఎంత దూరం?

చాక్‌పీసు
129 దాకా. మొత్తం 65 అడుగులు. 4097 = 17 × 241, ఈ రెండింటి సగటు 129. భాగహారంతో అయితే 3, 7, 11, 13 దాటి 17 దగ్గర ఐదో ప్రయత్నంలో దొరికేది. రెండు కారణాంకాలూ వర్గమూలానికి దగ్గరగా ఉంటేనే ఫెర్మా దారి పరుగెడుతుంది. 4757 లాంటిది ఒక్క అడుగు, ఎందుకంటే 69 × 69 = 4761, తేడా 4. అంటే 67 × 71. కానీ సంఖ్యను చూసి ముందే ఎవరు చెప్పగలరు అవి దగ్గరగా ఉన్నాయో లేదో?

అంకెలగారడీ
చెప్పలేం, నిజమే. అందుకే రెండూ కలపాలంటాను. ముందు 13 దాకా భాగించండి, చిన్నవి ఉంటే దొరికిపోతాయి. దొరకకపోతే ఫెర్మా దారిలో ఏడెనిమిది అడుగులు వేయండి. 4141 దీనికి మంచి ఉదాహరణ. 65 నుంచి 70 దాకా ఏదీ కుదరదు. 71 × 71 = 5041, తేడా 900, అంటే 30 వర్గం. 41 × 101. అప్పటికీ దొరకకపోతే మళ్లీ 17 నుంచి భాగహారం.

చాక్‌పీసు
పరీక్ష హాల్లో పిల్లవాడికి రెండు దారులు ఇస్తే మూడో దారిలో తప్పిపోతాడు. నా ఓటు వరుస భాగహారానికే. నాలుగంకెల సంఖ్యకు ఎంత చెడ్డా 97 దాకానే, అంటే 25 ప్రధాన సంఖ్యలు. 4000 చిల్లరకైతే ఇంకా తక్కువ.

అంకెలగారడీ
అక్కడ మనకు కుదరదులెండి.

గ్రూప్స్‌బ్యాచ్
17, 19, 23 తర్వాత భాగహారాలు మా వాళ్లకు ప్రాణం తీస్తున్నాయి. పూర్తి భాగహారం చేయకుండా పోతుందో లేదో తేల్చే మార్గం ఉందా? 7కు చివరి అంకెను రెట్టింపు చేసి తీసేసే సూత్రం తెలుసు. 1183కు 118 − 6 = 112, పోతుంది. 53కు ఏం సూత్రం గుర్తుపెట్టుకోవాలి?

చాక్‌పీసు
ఏ సూత్రమూ అక్కర్లేదు. ఆ ప్రధాన సంఖ్య గుణిజాన్ని కూడి గానీ తీసేసి గానీ చివర సున్నా వచ్చేట్టు చేయండి. ఆ సున్నా కొట్టేయండి. మిగిలిందాన్ని మళ్లీ అలాగే. 4187కు 53 కావాలంటే 4187 + 53 = 4240. సున్నా కొట్టేస్తే 424. అది 53 × 8. పోతుంది.

పోని సందర్భం కూడా చూడండి. 4733కు 17. 4733 + 17 = 4750, సున్నా తీస్తే 475. దాంట్లోంచి 17 × 5 = 85 తీస్తే 390, సున్నా తీస్తే 39. 17 రెండు సార్లు 34, మూడు సార్లు 51. 39 రాదు. కాబట్టి 4733లో 17 పోదు. సున్నా కొట్టేయడం అంటే 10తో భాగించడం. 17కూ 10కీ ఉమ్మడి కారణాంకం లేదు కాబట్టి దాని వల్ల పోయేది పోకుండా, పోనిది పోయేలా మారదు. 2కూ 5కూ మాత్రం ఇది చెల్లదు, వాటికి ఎలాగూ చివరి అంకె చాలు.

ఒక జాగ్రత్త. చివర మిగిలిన 39లోంచి 34 తీసి "శేషం 5" అని రాయకండి. అసలు శేషం 7, ఎందుకంటే 17 × 278 = 4726. ఈ పద్ధతి పోతుందా లేదా అన్నంత వరకే చెబుతుంది, శేషం చెప్పదు.

తుంగభద్ర
4733 అన్నారు కాబట్టి అడుగుతున్నా, మా వాడు అదీ ప్రయత్నిస్తానంటున్నాడు. అది ఎలా విడిపోతుంది?

చాక్‌పీసు
విడిపోదు, ప్రధాన సంఖ్య. కానీ వాడితో చేయించండి, మంచి వ్యాయామం. 4732లో 2, 7, 13 పోతాయి కాబట్టి 4733లో ఆ మూడింటికీ శేషం 1, భాగించకుండానే చెప్పొచ్చు. 19తో 4731, శేషం 2. 43తో 4730, శేషం 3. చివరిది 67, 67 × 70 = 4690, శేషం 43. తర్వాతి ప్రధాన సంఖ్య 71, దాని వర్గం 5041, దాటిపోయింది, ఆగొచ్చు. ప్రధానమని తేల్చడంలో ఒక చిక్కుంది. విడగొడితే గుణించి చూసుకోవచ్చు, ప్రధానమంటే గుణించి చూసుకోవడానికి ఏమీ ఉండదు. మధ్యలో ఒక్క ప్రధాన సంఖ్యను మర్చిపోయినా తెలియదు. అందుకని 3 నుంచి 67 దాకా ప్రయత్నించినవన్నీ పక్కన వరుసగా రాయించండి, శేషాలతో సహా.

మిర్చియార్డు
లినక్స్ ఉన్నవాళ్లకు ఇంత తిప్పలు లేదు.

```
$ factor 4732 4733
4732: 2 2 7 13 13
4733: 4733
```

తుంగభద్ర
మంచిది, కానీ పరీక్షకు కంప్యూటర్ రాదుగా. ఇందాక మీరు ఇచ్చిన 18 కారణాంకాల సంగతి ఒకటి. విభజన నుంచి ఆ సంఖ్య ముందే తెలుస్తుందా?

మిర్చియార్డు
తెలుస్తుంది. 2 రెండుసార్లు, 7 ఒకసారి, 13 రెండుసార్లు. ఒక్కోదానికి ఒకటి కలిపి గుణించాలి, 3 × 2 × 3 = 18. మీ అబ్బాయి 169ని ప్రధానం అనుకుంటే 3 × 2 × 2 = 12 వస్తుంది. అందులో 13 ఉండదు, 26 ఉండదు, 91 ఉండదు. నేను ఊరికే ఇవ్వలేదులెండి ఆ జాబితా.

గ్రూప్స్‌బ్యాచ్
ఆ శేషాల వరుస పరీక్షలో రాస్తే చోటు వృథా అని, రాయకపోతే మార్కు పోతుందని మా దగ్గర రెండు వర్గాలు. మీరు దిద్దితే ఏం చేస్తారు?

చాక్‌పీసు
"169 = 13 × 13" అన్న ఒక్క వరుస ఉంటే నాకు చాలు. 4733 లాంటిదైతే మాత్రం వరుస మొత్తం అడుగుతాను.

సైకిల్‌చైను
బిట్ పేపర్లో అడిగేదెవరు మాస్టారూ, గడిలో అంకె పెడితే అయిపోయె.